ఖాళీ గడిలో ఏముండాలో పై వరుస చెబుతుందా?

(నల్లగొండలో పంచాయతీ కార్యదర్శులు, కంప్యూటర్ ఆపరేటర్లు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి. తెర మీద చూపిన పట్టికను, ఫార్ములాలను అక్కడక్కడే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండమ్మా, తెర మీది అక్షరాలు చిన్నవి.

ఇవాళ ఒకే ఒక్క పని గురించి మాట్లాడుకుందాం. సగం నిండిన పట్టిక మీ చేతికి వస్తుంది. కొన్ని గళ్లు ఖాళీగా ఉంటాయి. పైవరుస, కిందివరుస చూసి వాటిని నింపాలి. ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఉండేదే. చెయ్యడం రెండు నిమిషాల పని. ఏ గడి నింపొచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది తేల్చుకోవడానికే టైమ్ పడుతుంది. అందుకే నింపడం గురించి కొంచెం, తేల్చుకోవడం గురించి ఎక్కువ చెబుతాను.

మన జిల్లాలో ఉన్నాం కాబట్టి ఫ్లోరైడ్ పట్టికనే ఉదాహరణగా తీసుకున్నాను. ఇందులో మండలాల పేర్లు మాత్రమే నిజం. ఊళ్లు, బోర్లు, అంకెలు పాఠం కోసం నేను వేసినవి. ఫలానా ఊరి నీళ్లు ఇలా ఉన్నాయని మేడమ్ చెప్పిందని బయట చెప్పకండి.

| | A మండలం | B ఊరు | C బోరు | D ఫ్లోరైడ్ (లీటరుకు మి.గ్రా.) |
|---|---|---|---|---|
| 2 | మర్రిగూడ | రామాపురం | బడి దగ్గర | 2.1 |
| 3 | | | గుడి వెనక | |
| 4 | | కొత్తపల్లి | చెరువు కట్ట | 1.2 |
| 5 | | | పంచాయతీ ఆఫీసు | 3.4 |
| 6 | నాంపల్లి | రామాపురం | బస్టాండు | 0.9 |
| 7 | | | తండా | |

చూడండి, మూడో వరుసలో మూడు ఖాళీలున్నాయి. మండలం లేదు, ఊరు లేదు, ఫ్లోరైడ్ లేదు. కంటికి మూడూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. కానీ మొదటి రెండు ఖాళీలు ఎందుకొచ్చాయో, మూడోది ఎందుకొచ్చిందో ఆలోచించండి. రిజిస్టర్ రాసే గుమస్తా మండలం పేరు ఒకసారి రాసి, కింద డిటో గుర్తు పెడతాడు. ఒక్కోసారి అదీ పెట్టడు, వదిలేస్తాడు. చదివేవాడికి ఎలాగూ అర్థమవుతుందని ఆయన ధీమా. అంటే ఆ గడిలో సమాచారం ఉంది, అక్షరాలే లేవు. ఫ్లోరైడ్ గడి సంగతి అలా కాదు. గుడి వెనక బోరు నీళ్లు బడి దగ్గరి బోరు నీళ్లలాగే ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. సీసాలో నీళ్లు పట్టలేదో, పట్టినా ల్యాబ్‌కు చేరలేదో, మోటారు కాలిపోయిందో మనకు తెలియదు. అక్కడ సమాచారమే లేదు.

ముందు మొదటి రకం నింపుదాం.

పని మొదలుపెట్టే ముందు ఎడమ పక్కన ఒక కొత్త కాలమ్ పెట్టి 1, 2, 3 అని వరుస నంబర్లు వేసుకోండి. చాలామంది దీన్ని దండగ పని అనుకుంటారు. ఇలాంటి పట్టికలో అర్థమంతా క్రమంలోనే ఉంది. నింపకముందే ఎవరో ఒకరు ఊరి పేరు మీద సార్ట్ కొట్టారనుకోండి, మూడో వరుస ఎక్కడికో పోతుంది. అప్పుడు దాని పైన ఉన్నది దాని మండలం కాదు. ఫైల్ సేవ్ చేసి మూసేశాక వెనక్కి తెచ్చే దారి ఉండదు. వరుస నంబరు ఉంటే దాని మీద సార్ట్ కొడితే చాలు, పాత క్రమం వచ్చేస్తుంది. ఇక్కడ తెర మీద ఆ కాలమ్‌ను పక్కకు తీసేశాను, A నుంచి మొదలుపెడితే మీకు తేలిక అని.

ఇప్పుడు ఎక్సెల్‌లో A2 నుంచి B7 వరకు సెలెక్ట్ చెయ్యండి. D కాలమ్ జోలికి పోవద్దు. Ctrl+G నొక్కి, Special మీద క్లిక్ చేసి, Blanks ఎంచుకుని OK కొట్టండి. ఖాళీ గళ్లు మాత్రమే సెలెక్ట్ అయి కనిపిస్తాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, వాటికి లేత పసుపు రంగు వేసెయ్యండి. రేపు ఎవరైనా అడిగితే రిజిస్టర్‌లో ఉన్నదేదో మనం నింపిందేదో రంగు చూసి చెప్పొచ్చు. రంగు వేశాక ఎక్కడా క్లిక్ చెయ్యకుండా, కీబోర్డు మీద = కొట్టి, పై బాణం ఒకసారి నొక్కండి. A3 లో ఇలా కనిపిస్తుంది:

```
=A2
```

ఇప్పుడు ఉత్త Enter కాదు, Ctrl+Enter. ఖాళీలన్నీ ఒక్కసారే నిండుతాయి. ప్రతి గడీ తన పై గడిని చూస్తుంది. A4 లో =A3, B3 లో =B2, ఇలా. మర్రిగూడ పేరు ఐదో వరుస దాకా దిగుతుంది, ఆరో వరుసలో నాంపల్లి రాసి ఉంది కాబట్టి అక్కడ ఆగి, ఏడో వరుసకు నాంపల్లి వస్తుంది.

ఇంతటితో అయిపోయిందని లేచిపోకండి. గళ్లలో ఇప్పుడున్నవి పేర్లు కావు, ఫార్ములాలు. ఇప్పుడు సార్ట్ కొడితే ఒక్కో ఫార్ములా కొత్త చోట తన పైన ఏ గడి ఉంటే దాన్ని పట్టుకుంటుంది. మండలాలు తారుమారవుతాయి, తెర మీద ఎర్రర్ ఏమీ రాదు. అందుకే A2 నుంచి B7 వరకు మళ్లీ సెలెక్ట్ చేసి, Ctrl+C కొట్టి, అదే చోట Paste Special లో Values అని అతికించండి. అప్పుడే అవి నిజంగా పేర్లవుతాయి.

మీలో కొందరికి "No cells were found" అని వచ్చి ఉంటుంది. కళ్లముందు ఖాళీ గళ్లు కనిపిస్తుంటే కంప్యూటర్ లేవంటుంది! ఎవరో ఆ గళ్లలో స్పేస్ బార్ కొట్టి వెళ్లారన్నమాట. చెరపడానికి డిలీట్ బదులు స్పేస్ నొక్కే అలవాటు కొందరికి ఉంటుంది. పక్కన ఏదో ఒక గడిలో

```
=LEN(A3)
```

అని కొట్టి చూడండి. 0 వస్తే గడిలో అక్షరాలేమీ లేవు. 1 వస్తే అక్కడ స్పేస్ కూర్చుని ఉంది. Ctrl+H తెరిచి, వెతికే చోట ఒక స్పేస్ కొట్టి, మార్చే చోట ఏమీ రాయకుండా, Options లో Match entire cell contents కు టిక్ పెట్టి Replace All చెయ్యండి. ఆ టిక్ మర్చిపోతే మాత్రం "పంచాయతీ ఆఫీసు" కాస్తా "పంచాయతీఆఫీసు" అయిపోతుంది, షీట్ అంతటా పదాలు అతుక్కుపోతాయి. ఇంకొకటి, =A2 అన్న అక్షరాలే గడిలో అలాగే నిలబడిపోతే ఆ కాలమ్ ఫార్మాట్ Text అని అర్థం. Ctrl+Z కొట్టి, General కు మార్చి మళ్లీ చెయ్యండి.

సరే, నిండింది. నిండింది సరైనదేనా అని ఎలా తెలుసుకోవాలి? ఇదే అసలు చెప్పాలనుకున్నది.

పై గడి నుంచి కిందికి నింపే పద్ధతికి ఒకే నమ్మకం ఆధారం. పేరు మారిన ప్రతిచోటా కొత్త పేరు తప్పకుండా రాసి ఉంటుందన్నదే ఆ నమ్మకం. గుమస్తా ఒక్కచోట రాయడం మర్చిపోతే అది కూలిపోతుంది. మన పట్టికలో ఆరో వరుసలో "నాంపల్లి" రాయలేదనుకోండి. అప్పుడు మర్రిగూడ ఆగకుండా ఏడో వరుస దాకా దిగిపోతుంది. నాంపల్లి మండలం రామాపురం బోరు, మర్రిగూడ మండలం రామాపురం లెక్కలోకి పోతుంది. ఊరి పేరు చూసి గుర్తుపడదామంటే మన దగ్గర రామాపురాలకు, కొత్తపల్లులకు కరువా!

అయినా ఒక జాడ మిగులుతుంది. నిండిన పట్టికను పైనుంచి కిందికి చదవండి. మర్రిగూడ రామాపురం వచ్చింది, తర్వాత మర్రిగూడ కొత్తపల్లి వచ్చింది, తర్వాత మళ్లీ మర్రిగూడ రామాపురం వచ్చింది. రిజిస్టర్ రాసేవాళ్లు ఒక ఊరి బోర్లన్నీ ఒకచోటే రాస్తారు. ఒకే మండలం కింద ఒక ఊరు వెళ్లిపోయి మళ్లీ ప్రత్యక్షమైందంటే, మధ్యలో మండలం మారింది, ఆ పేరు రాయలేదు అని అనుమానించాలి. అనుమానం వచ్చినచోట మూల రిజిస్టర్ తీసి ఆ పేజీ చూడాలి. చాలావరకు అది పేజీ మారిన చోటే అయి ఉంటుంది. కొత్త పేజీ మొదటి వరుసలో పైపేరు మళ్లీ రాయాలా వద్దా అన్నదాంట్లో ఒక్కొక్కరిది ఒక్కో అలవాటు. కాబట్టి ఎంట్రీ చేసేటప్పుడే పేజీ నంబరుకు ఒక కాలమ్ పెట్టుకుంటే వెతకడం తేలిక.

ఊరి పేరు రెండుసార్లు రాకపోతే ఈ జాడ దొరకదు. అందుకని లెక్క కూడా సరిచూడాలి:

```
=COUNTIF(A2:A7,"మర్రిగూడ")
```

మర్రిగూడలో ఎన్ని బోర్లున్నాయో రిజిస్టర్ చివర మొత్తం రాసి ఉంటే దానితో పోల్చండి. మన పట్టికలో 4 రావాలి. 6 వచ్చిందంటే పైనుంచి కిందికి ఏదో పొంగి పారింది.

ఇక్కడ మన జిల్లాలకే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. కుడిపక్కన జిల్లా కాలమ్ కూడా ఉండి, మొదటి వరుసలో నల్లగొండ అని రాసి, కింద అన్నీ ఖాళీగా ఉన్నాయనుకోండి. పట్టిక 2015 నాటిదైతే చౌటుప్పల్ దాకా నల్లగొండ అని దించెయ్యొచ్చు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక చౌటుప్పల్ యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది. పాలమూరు వాళ్లకు ఇంకా చిక్కు. మక్తల్ 2016 తర్వాత కూడా మహబూబ్‌నగర్‌లోనే ఉండి, 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్లింది. అదే మక్తల్, అదే ఖాళీ గడి, పట్టిక ఏ సంవత్సరానిదో చూసుకుంటే తప్ప ఏం రాయాలో తెలియదు. పాత పట్టికను, కొత్త పట్టికను ఒకదాని కింద ఒకటి అతికించి నింపడం మాత్రం చెయ్యకండి. ముందు దేన్ని దానిగా నింపి, సంవత్సరం కాలమ్ పెట్టి, ఆ తర్వాతే కలపండి.

ఇప్పుడు D కాలమ్‌కు వద్దాం. గుడి వెనక బోరు, తండా బోరు. ఈ రెండు గళ్లనూ నింపాలని చెయ్యి లాగుతుంది. పైఅధికారికి పంపే పట్టికలో ఖాళీ ఉంటే ఫోన్ వస్తుందన్న టెన్షన్ కూడా ఉంటుంది, నాకు తెలుసు.

మూడో వరుసకు పైన 2.1, కింద 1.2 ఉన్నాయి. సగటు తీస్తే 1.65. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ నేల కింద ఏముందో చూడండి. మన దగ్గర ఎక్కువగా గ్రానైటు రాయి. ఫ్లోరైడ్ ఆ రాతిలోని ఖనిజాల నుంచి నీళ్లలోకి దిగుతుంది. బోరు ఏ పగులును తాకింది, ఎంత లోతుకు పోయింది, ఆ నీళ్లు ఎంతకాలంగా రాతితో కలిసి ఉన్నాయి అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఒకే ఊళ్లో రెండు బోర్లకు పొంతన ఉండకపోవచ్చు. మన పట్టికలో కొత్తపల్లినే చూడండి, చెరువు కట్ట మీద 1.2 ఉంటే పంచాయతీ ఆఫీసు దగ్గర 3.4 వేశాను. పైగా మూడో వరుసకు కింద ఉన్నది వేరే ఊరి బోరు. కాగితం మీద పొరుగు, నేల మీద కాదు. మండలం పేరు విషయంలో పై వరుస సాక్ష్యం చెబుతుంది. ఫ్లోరైడ్ విషయంలో దానికి ఏమీ తెలియదు.

ఎవరైనా ఇలా సగటు పెట్టి నింపి ఉంటే పట్టుకోవచ్చా? కొంతవరకు పట్టుకోవచ్చు. ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలన్నీ ఒకే దశాంశంతో ఉంటే, మధ్యలో 1.65 అని రెండు దశాంశాలున్న అంకె వెంటనే కంట్లో పడుతుంది. రెండు అంకెలు సెలెక్ట్ చేసి మూల పట్టుకుని కిందికి లాగినా తెలిసిపోతుంది. 1.2, 3.4 సెలెక్ట్ చేసి లాగితే ఎక్సెల్ 5.6, 7.8, 10 అని పోతూనే ఉంటుంది, ప్రతిసారీ 2.2 కలుపుకుంటూ. ఇంత నియమంగా పెరిగే నీళ్లు ఏ నేలలోనూ ఉండవు. అనుమానమున్న కాలమ్ పక్కన =D3-D2 అని తేడా తీసి చూడండి, ఒకే తేడా వరుసగా కనిపిస్తే లాగి నింపారని అర్థం. కాకపోతే 1.65ను 1.7 అని సవరించి పెట్టినవాడిని పట్టుకోవడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. మూల రిజిస్టర్ తియ్యాల్సిందే.

సరే, ఊహించి రాయడం వద్దు, సున్నా పెడదాం అంటారు కొందరు. అది ఇంకా ప్రమాదం. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా. ఇప్పుడు లెక్క చూడండి. పరీక్ష జరిగిన నాలుగు బోర్ల మొత్తం 2.1, 1.2, 3.4, 0.9 కలిపితే 7.6. ఖాళీలను ఖాళీగా వదిలేస్తే AVERAGE వాటిని లెక్కలోకి తీసుకోదు, నాలుగుతో భాగించి 1.9 ఇస్తుంది. ఆ రెండు గళ్లలో సున్నా పెడితే ఆరుతో భాగించి 1.27 ఇస్తుంది. నీళ్లు మారలేదు, బోర్లు మారలేదు, సగటు మాత్రం 1.5 పైనుంచి కిందికి దిగిపోయింది. రెండు సున్నాలు రాసినందుకు!

ఆ సున్నా ఎవరూ రాయకుండానే వచ్చే దారి కూడా ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌లోకి = పెట్టి అంకె తెచ్చుకుంటాం కదా. అక్కడి గడి ఖాళీగా ఉంటే ఇక్కడ 0 వస్తుంది. మండలాల పట్టికలన్నీ కలిపి జిల్లా పట్టిక చేసేటప్పుడు ఇలా బోలెడు సున్నాలు పుడతాయి. ఇలా తెచ్చుకోండి:

```
=IF(D3="","",D3)
```

వేరే షీట్ అయితే D3కి ముందు ఆ షీట్ పేరు వస్తుంది, అంతే తేడా. నిజంగా 0 అని వచ్చిన పరీక్షకు, అసలు జరగని పరీక్షకు తేడా మిగులుతుంది.

అసలు మాటకొస్తే ఇక్కడ సగటు తియ్యడమే నాకు నచ్చదు. ఏ ఇంటివాళ్లూ ఆరు బోర్ల నీళ్లు కలుపుకుని తాగరు. పంచాయతీ ఆఫీసు బోరు దగ్గర బిందె పెట్టినావిడకు 3.4 వస్తుంది, సగటు రాదు. పైకి పంపే కాగితంలో ఇలా రాయండి: ఆరు బోర్లలో నాలుగింటికి పరీక్ష జరిగింది, అందులో రెండు 1.5 దాటాయి, మిగతా రెండింటికి పరీక్ష జరగలేదు. D కాలమ్ పక్కన "కారణం" అని ఒక కాలమ్ పెట్టి, మోటారు చెడింది, సీసా పగిలింది, నమూనా పట్టలేదు అని తెలిసినంతవరకు రాయండి. కారణం D గడిలోనే రాయకండి. రాసినా AVERAGE దాన్ని వదిలేస్తుంది గానీ, మరోచోట D3+D4 అని కూడితే #VALUE! అని మొండికేస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక కార్యదర్శి: మేడమ్, కొన్ని అంకెలు పక్క గళ్లను బట్టి కచ్చితంగా తెలుస్తాయి కదా. మగవాళ్లు, ఆడవాళ్లు, మొత్తం అని మూడు కాలమ్‌లుంటే?)

మంచి ప్రశ్న. మొత్తం 840, మగవాళ్లు 425 అని ఉండి, ఆడవాళ్ల గడి ఖాళీగా ఉంటే 415 అని నింపొచ్చు. అది ఊహ కాదు, తీసివేత. కానీ ముందు నిండుగా ఉన్న పక్క వరుసల్లో ఆ రెండూ కలిపితే మొత్తం వస్తోందో లేదో చూడండి. పది వరుసల్లో ఒక్కదాంట్లో తేడా వచ్చినా, ఆ పట్టికలో మొత్తం వేరే చోటి నుంచి రాశారేమో, మూడో వర్గమేదైనా ఉందేమో తేల్చుకోవాలి. రెండు గళ్లు ఒకేసారి ఖాళీగా ఉంటే మాత్రం తీసివేతతో ఏదీ రాదు. పక్క ఊరి నిష్పత్తి తెచ్చి పెడితే మళ్లీ 1.65 కథే.

(ఒక విద్యార్థిని: మా దగ్గర ఫోనే ఉంది మేడమ్, గూగుల్ షీట్స్. అందులో మీరు చూపిన Special కనబడదు.)

అవునమ్మా, అందులో అది లేదు. ఖాళీగా ఉన్న ఒక కొత్త కాలమ్ తీసుకో, F అనుకుందాం. F2 లో =A2 అని రాయి. F3 లో ఇది రాయి:

```
=IF(TRIM(A3)="",F2,A3)
```

A3 ఖాళీగా ఉంటే పైన F2 లో ఉన్న పేరు తెచ్చుకో, లేకపోతే A3 లో ఉన్నదే ఉంచు అని దానర్థం. TRIM పెట్టాం కాబట్టి స్పేస్ కొట్టి వదిలేసిన గళ్లను కూడా ఖాళీగానే చూస్తుంది. F3 ని కాపీ చేసి, కింద ఏడో వరుస దాకా పేస్ట్ చెయ్యి. ఊరి పేరుకు G కాలమ్‌లో A బదులు B, F బదులు G పెట్టి ఇదే పని. ఈ దారిలో ఇంకో లాభముంది, A కాలమ్ ముట్టుకోలేదు కాబట్టి రిజిస్టర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది, రంగు కూడా వెయ్యక్కర్లేదు. తర్వాత F, G లను వాల్యూస్‌గా పేస్ట్ చేసుకోవడం మర్చిపోకు. ఆ తర్వాతే సార్ట్.